పెన్సిల్‌తో రాసిన లెక్క

కోనసీమలో దాళ్వా కోతలు అయ్యాక ఖాళీ చేలే మాకు గ్రౌండ్లు. ఆ ఆదివారం ఫైనల్. మాకూ గోదావరి అవతలి ఒడ్డు ఊరికీ, టెన్నిస్ బాలుతో 12 ఓవర్లు. స్కోరు రాసేది నేనే, తొమ్మిదేళ్లుగా నేనే. అవతలి జట్టు తరఫున తొమ్మిదో తరగతి కుర్రాడొకడు పక్కన కూర్చున్నాడు, చేతిలో రూళ్ల పుస్తకం, పెన్సిల్. పెన్నులేదా అంటే, వానొస్తే సిరా కారిపోతుందని వాళ్ల నాన్న చెప్పాడట.

మేం 96 కొట్టాం. మా బాబాయి కొడుకు చంటి సరిగ్గా 50. మైకులో పేరు చదవగానే ఎవరో వచ్చి వాడి చొక్కాకి ఐదొందల నోటు గుచ్చి వెళ్లారు.

అప్పుడు పట్టుకుంది వాన. బరకం పిచ్ మీద కప్పేసరికే సగం తడిసింది. మేమంతా మోటారు షెడ్డులోకి దూరాం. నా పుస్తకం మీద చూరు నీళ్లు పడి ఏడో ఓవరు, ఎనిమిదో ఓవరు నీలం మరకలైపోయాయి. గంటన్నరకి తెరిపిచ్చింది. రంపపు పొట్టు తెచ్చి పిచ్ మీద చల్లారు, వెలుగు ఎంతోసేపు ఉండదని కెప్టెన్లిద్దరూ 8 ఓవర్లకి ఒప్పుకున్నారు. మా దగ్గర డక్‌వర్త్ లూయిస్ ఏమీ ఉండదు, సరాసరి లెక్కే. 96 అంటే ఓవరుకి 8, ఎనిమిది ఓవర్లకి 64, గెలవాలంటే 65. బోర్డు మీద సుద్దతో రాసేశారు.

ఆట మొదలయ్యాక ఓవరుకీ ఓవరుకీ మధ్య, తడిసిన పేజీని కొత్త పేజీలోకి ఎక్కించుకుందామని ఆ కుర్రాడి పుస్తకం అడిగాను. వాడు ఇవ్వడానికి కొంచెం తటపటాయించాడు. మొత్తం దగ్గర 96 అని ఉంది, కానీ అక్కడ కాగితం రబ్బరుతో రుద్ది రుద్ది పలచబడిపోయింది. వెలుతురుకి ఎత్తి చూస్తే కింద 94 కనపడుతోంది.

"ఇదేంట్రా?"

"నాకు 94 వచ్చిందండి. మీకూ బోర్డు మీదా 96 ఉంది కదా, నేనే ఎక్కడో తప్పు రాశాననుకుని దిద్దేశానండి."

ఒంట్లో ఏదో జారినట్టయింది. నా పేజీలో చంటి గీతలు, మిగతావాళ్లవి కూడితే 81, ఎక్స్‌ట్రాలు 15, మొత్తం 96. మరి బౌలర్లు ఇచ్చినవి 89, బైస్ 5. రెండూ కలిపితే 94! ఈ రెండు లెక్కలూ ఒకటి కావాలి, అది చూడకుండా నేనెప్పుడూ బోర్డుకి స్కోరు చెప్పను, ఆ రోజు మబ్బు చూసి కంగారులో చెప్పేశాను. కుర్రాడి పుస్తకంలో ఏడో ఓవరు నాలుగో బంతి దగ్గర బైస్ 2 అని మాత్రమే ఉంది. గుర్తొచ్చింది. చంటి బలంగా ఊపాడు, కీపరు వదిలేశాడు, మా వాళ్లు రెండు తీశారు. నేను చంటికి 2 వేశాను. అంపైరు ఆలస్యంగా చెయ్యెత్తితే బైస్‌లో మళ్లీ 2 వేశాను. చంటివి కొట్టెయ్యలేదు.

అంటే చంటివి 48. టార్గెట్టు 63.

తలెత్తేసరికి ఏడో ఓవరు అయిపోయింది. వాళ్లు 54. బోర్డు ప్రకారం 6 బంతుల్లో 11 కావాలి, నిజానికి 9 చాలు. మా వాళ్లు ఫీల్డు సర్దుకుంటున్నారు, చంటి లాంగాన్‌కి పరిగెడుతున్నాడు, చొక్కా మీద ఆ నోటు ఎగురుతోంది. నిజం చెప్తాను, ఒక్క క్షణం పుస్తకం మూసేద్దామనిపించింది. కుర్రాడు మాత్రం నా మొహంలోకే చూస్తున్నాడు, తన లెక్క ఎక్కడ తప్పిందో నేను చెప్తానని.

"ఆగండి మాస్టారూ!" అని అరుస్తూ బురదలోకి దిగాను. అంపైరు మా ఊరి డ్రిల్లు మాస్టారే. రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టి చూపించాను. మా కెప్టెను "ఇప్పుడా చెప్పేది?" అన్నాడు. వాడి కోపంలో తప్పేమీ లేదు. మాస్టారు కూడి చూసి, బోర్డు కుర్రాడికి 63 రాయమని సైగ చేశారు. మా గట్టు మీద అరుపులు మొదలయ్యాయి, నా పేరు కూడా వినపడింది.

చివరి బంతికి ఒక్క పరుగు కావాల్సి వచ్చింది. బ్యాటు అంచుకి తగిలి థర్డ్‌మ్యాన్ వైపు పోయింది. తీసేశారు.

నేను షెడ్డులో కూర్చుని చంటి పేరు పక్కన 50 కొట్టేసి 48 వేస్తుంటే వాడే వచ్చాడు. పాదాల నిండా బురద.

"ఏ బంతి అన్నయ్యా?"

చూపించాను.

చాలాసేపు చూశాడు. "తగల్లేదు. నాకు తెలుసు," అన్నాడు. ఐదొందల నోటు తీసి పిన్ను నోట్లో పెట్టుకుని, ఎవరు గుచ్చారో వెతుక్కుంటూ వెళ్లిపోయాడు.

కుర్రాడు రబ్బరు తీశాడు. "96 చెరిపెయ్యనాండి?"

"వద్దు, కాగితం చిరిగిపోద్ది. పక్కన రాయి."

వాడు రాశాడు. కింద సంతకం పెట్టమంటూ పెన్సిల్ నాకిచ్చాడు.