కొలువు భద్రత, పిల్లల చదువు

హైదరాబాద్‌లో ఒకే సర్కారు బడిలో ఒక గదిలో రెగ్యులర్ టీచర్, పక్క గదిలో కాంట్రాక్టు టీచర్. పాఠం ఒకటే, జీతం, సెలవులు, భరోసా వేరు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బడులపై కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ జరిపిన అధ్యయనంలో, అదనంగా కాంట్రాక్టు టీచర్‌ను ఇచ్చిన చోట పిల్లల గణితం, భాష మెరుగయ్యాయి. రెగ్యులర్ వారికంటే వీరి గైర్హాజరూ తక్కువే. అయితే అక్కడ ఒక్కో టీచర్‌కు పిల్లల సంఖ్య కూడా తగ్గిందని మరవకూడదు. కెన్యాలో స్వచ్ఛంద సంస్థ నడిపితే ఫలించిన ఇలాంటి పథకమే ప్రభుత్వం చేతిలో ఫలించలేదు.

ఇండోనేషియాలో రెగ్యులర్ టీచర్ల మూలవేతనం రెట్టింపు చేసినా పిల్లల చదువు మెరుగుపడలేదు. కొలువు భద్రతకు తోడు జీతం పెరిగినంత మాత్రాన ఉత్సాహం రాదన్నమాట. కానీ అభద్రత పుట్టించే ఉత్సాహానికి ఆయుష్షు తక్కువ: ఏటా రెన్యువల్ కోసం ఎదురుచూసే మనిషి మరో కొలువు వెతుక్కోక తప్పదు. బాగా బోధించేవారిని కొన్నేళ్ల పనితీరు చూసి రెగ్యులర్ చేయాలి. చవకగా దొరికారని అలాగే ఉంచడం అన్యాయం.