సాగునీటి సదస్సు: క్యూఆర్ కోడ్‌తో హాజరు నమోదు, పేరు బ్యాడ్జీల పంపిణీ కార్యవిధానం

జనవరి 23, 24 తేదీల్లో గుంటూరులోని మన కళాశాల ఆడిటోరియంలో జరిగే సాగునీటి యాజమాన్య సదస్సుకు 420 మందికి స్థానాలు ఖాయం చేశాం. వీరిలో ఇంజినీర్లు, అధ్యాపకులు, పరిశోధక విద్యార్థులతో పాటు నీటి వినియోగదారుల సంఘాల తరఫున వచ్చే రైతు ప్రతినిధులు కూడా ఉన్నారు. ఆహ్వాన కమిటీ, బ్యాడ్జీల ముద్రణ చూసేవారు, కౌంటర్లలో కూర్చునే విద్యార్థి వాలంటీర్లు అందరూ ఈ పత్రాన్నే అనుసరించాలి.

ప్రారంభ సభ ఉదయం 9.30కి మొదలవుతుంది. ఎనిమిదిన్నర నుంచి తొమ్మిదింబావు దాకా ఉండే 45 నిమిషాల్లోనే దాదాపు 240 మంది గేటు దగ్గరికి చేరతారని అంచనా వేస్తున్నాం. పేరు వెతికి, బ్యాడ్జి అప్పటికప్పుడు ముద్రించి ఇవ్వడానికి మనిషికి 45 సెకన్లు పడితే, నాలుగు కౌంటర్లూ ఒక్క క్షణం ఆగకుండా పనిచేసినా ఆ 240 మందికి సరిగ్గా సరిపోతుంది తప్ప ఒక్క నిమిషమూ మిగలదు. ముందే ముద్రించి వరుసలో పెట్టిన బ్యాడ్జిని తీసి ఇస్తే 20 సెకన్లు చాలు. అప్పుడు అదే వ్యవధిలో అవే కౌంటర్లు 540 మందిని పంపగలవు. అందువల్ల కౌంటర్ దగ్గర స్కాన్ చేయడం, బ్యాడ్జి అందించడం అనే రెండు పనులే జరగాలి. రుసుము, పేరు దిద్దుబాటు, కొత్త నమోదు వంటివన్నీ పక్కనున్న సహాయ కౌంటర్‌కే వెళ్లాలి.

ఒక్కొక్కరికి ఒక్కో గుర్తింపు కోడ్ ఇస్తాం. ఉదాహరణకు 417వ నమోదుకు ఇచ్చే కోడ్ SN-0417-K7Q. చివరి మూడు గుర్తులను వరుస లేకుండా ఎంపిక చేస్తాం కాబట్టి ఒకరి కోడ్ చూసి మరొకరి కోడ్ ఊహించడం సాధ్యపడదు. సున్నాతో, ఒకటితో పొరబడే ఇంగ్లీషు అక్షరాలు O, I లను ఆ మూడింటిలో వాడకూడదు. క్యూఆర్ చిత్రంలో ఈ కోడ్ తప్ప పేరు, ఫోన్ నంబరు, ఊరు ఏవీ ఉండకూడదు. బ్యాడ్జి మెడలో వేలాడుతున్నప్పుడు ఎవరి ఫోన్‌తోనైనా దాన్ని చదవవచ్చు కాబట్టి ఈ నియమానికి మినహాయింపు లేదు. ఇంగ్లీషు పెద్దక్షరాలు, అంకెలు, అడ్డగీతలు మాత్రమే ఉన్న ఈ 11 గుర్తుల కోడ్, 21 గడుల వెడల్పు ఉండే అతి చిన్న క్యూఆర్‌లోనే, సుమారు 25 శాతం చెరిగినా చదవగల Q స్థాయిలో ఇమిడిపోతుంది. గడులు పెద్దవిగా ఉంటాయి కాబట్టి పగిలిన ఫోన్ తెర మీదా త్వరగా చదవవచ్చు. చిన్నక్షరాలు వాడితే అదే కోడ్‌కు క్యూఆర్‌లో ఎక్కువ చోటు పడుతుంది.

```
qrencode -l Q -m 4 -s 12 -o SN-0417-K7Q.png "SN-0417-K7Q"
```

ఇందులో -m 4 అంటే చుట్టూ నాలుగు గడుల తెల్లని అంచు. అందంగా కనిపించాలని ఆ అంచును కత్తిరించినా, నలుపు తెలుపులను తిరగవేసినా కొన్ని స్కానర్లు చదవలేవు. బ్యాడ్జి మీద క్యూఆర్ తెల్లని అంచుతో కలిపి 25 మిల్లీమీటర్లకు తగ్గకూడదు.

బ్యాడ్జి విషయంలో అందరినీ ప్రత్యేకంగా కోరేది ఒక్కటే: పేరు తప్పు పడకూడదు. ఎంతో దూరం నుంచి వచ్చిన మనిషికి మనం మొదట చేతికిచ్చేది ఆయన పేరే. అందుకే పేరును తెలుగులోనూ ఇంగ్లీషులోనూ ముద్రిస్తున్నాం. ఈ రెంటినీ నమోదు పత్రంలో వారు రాసిన విధంగానే తీసుకోవాలి. ఇంగ్లీషు నుంచి తెలుగులోకి యంత్రంతో మార్చకూడదు, ఎందుకంటే అలా మారిస్తే రమాదేవి రామాదేవి అయిపోవచ్చు. తెలుగులో రాయని వారికి ఆహ్వాన కమిటీ ఫోన్ చేసి అడగాలి. నమోదు జనవరి 11న ముగుస్తుంది. పేర్ల జాబితా అందరికీ పంపి 17వ తేదీ వరకు సవరణలు తీసుకుని, సంక్రాంతి సెలవుల తర్వాత ప్రెస్సులు తెరుచుకునే 19వ తేదీన ముద్రణకు ఇస్తాం.

జాబితాను CSV ఫైలుగా దింపి నేరుగా ఎక్సెల్‌లో తెరిస్తే తెలుగు అక్షరాలు పిచ్చి గుర్తులుగా మారే అవకాశం ఉంది కాబట్టి UTF-8 ఎంచుకుని దిగుమతి చేయాలి. కొన్ని పీడీఎఫ్ సాధనాలు ఒత్తులను అక్షరం కింద కూర్చోబెట్టకుండా పక్కన విడదీసి పెడతాయి. అందుచేత మొత్తం ముద్రించే ముందు జ్యోత్స్న, ఉజ్జ్వల, లక్ష్మి వంటి పేర్లతో ఒక పుట తీసి, తెలుగు చదివే ఇద్దరు దాన్ని కాగితం మీద సరిచూడాలి. కింది ఒత్తులు తెగిపోకుండా వరుసల మధ్య తగినంత ఎడం ఉంచాలి.

బ్యాడ్జి ఏ6 పరిమాణంలో ఉంటుంది. వ్యక్తి పేరు అన్నిటికంటే పెద్దగా, ఇంటిపేరు, సంస్థ లేదా ఊరు దాని కింద చిన్నగా ఉండాలి. సదస్సు చిహ్నం పేరుకు పోటీ రాకూడదు. తాడుకు వేలాడే బ్యాడ్జి ఊరికే తిరగబడుతుంది కాబట్టి రెండు వైపులా అదే ముద్రించాలి. మెరిసే లామినేషన్ మీద ఆడిటోరియం దీపాల వెలుగు పడితే స్కానర్ తడబడుతుంది, అందువల్ల మ్యాట్ కాగితమే వాడాలి. వక్తలకు నీలం, వాలంటీర్లకు ఆకుపచ్చ పట్టీ ఉంటాయి. ప్రతినిధులకు ఏ పట్టీ అక్కర్లేదు.

బ్యాడ్జీలను ఇంటిపేరు క్రమంలో పేర్చవద్దు. కొందరు ఇంటిపేరు ముందు రాస్తారు, కొందరు చివర రాస్తారు, మరికొందరు పొడి అక్షరాలతో సరిపెడతారు కాబట్టి వాలంటీరు మూడు చోట్ల వెతకాల్సి వస్తుంది. నమోదు సంఖ్య క్రమంలోనే పేర్చాలి. అయితే 1 నుంచి 105 వరకు ఒక కౌంటర్ అని వరుసగా విభజించకూడదు. ఒకే ఊరి రైతులు వెంట వెంట నమోదు చేసుకుని ఒకే బస్సులో దిగుతారు, అప్పుడు అందరూ ఒకే కౌంటర్ ముందు నిలబడాల్సి వస్తుంది. సంఖ్యను నాలుగుతో భాగించగా వచ్చే శేషాన్ని బట్టి కౌంటర్ కేటాయిస్తాం: శేషం 1, 2, 3 అయితే ఆ సంఖ్య గల కౌంటర్, శేషం లేకపోతే నాలుగోది. ఆ ప్రకారం 417 ఒకటో కౌంటర్‌కు వెళ్తుంది. ఈ లెక్క ఎవరూ వేసుకోనవసరం లేదు. ముందు రోజు సాయంత్రం పంపే వాట్సాప్ సందేశంలో క్యూఆర్‌తో పాటు కౌంటర్ సంఖ్య కూడా ఉంటుంది. స్మార్ట్‌ఫోన్ లేనివారికి అదే కోడ్‌ను ఎస్సెమ్మెస్‌గా పంపుతాం, ఫోన్ నంబరు చివరి నాలుగు అంకెలు చెప్పినా సరిపోతుంది. వారిని వేరే వరుసలో నిలబెట్టకూడదు.

ప్రతి కౌంటర్‌లో ఒక ల్యాప్‌టాప్, క్యూఆర్ చదవగల యూఎస్‌బీ స్కానర్, ఇద్దరు వాలంటీర్లు ఉంటారు. గీతల బార్‌కోడ్ మాత్రమే చదివే పాత లేజర్ స్కానర్ పనికిరాదు. ఇలాంటి స్కానర్ కంప్యూటర్‌కు కీబోర్డు లాగే అక్షరాలు పంపుతుంది కాబట్టి ల్యాప్‌టాప్‌లో తెలుగు కీబోర్డు ఎంపికై ఉంటే కోడ్ అంతా వేరే అక్షరాలుగా పడుతుంది. కౌంటర్ తెరవగానే ఇంగ్లీషు కీబోర్డు ఉందో లేదో చూడాలి. తెర ఆకుపచ్చగా మారితే నమోదు పూర్తయినట్టు. పసుపు అయితే ఆ కోడ్ ఇంతకుముందే స్కాన్ అయింది, ఆ సమయం కూడా కనిపిస్తుంది. ఎరుపు అయితే జాబితాలో లేదు. పసుపు, ఎరుపు వచ్చినప్పుడు వచ్చినవారితో వరుసలో వాదించకుండా, "అండీ, ఇలా రండి, మేం చూస్తాం" అని సహాయ కౌంటర్‌కు తోడు తీసుకువెళ్లాలి.

నాలుగు ల్యాప్‌టాప్‌లూ మన సొంత రౌటర్ ద్వారా ఒకే జాబితాను పంచుకుంటాయి. దీనికి ఇంటర్నెట్ అవసరం లేదు. వందల ఫోన్లు ఒకచోట చేరినప్పుడు మొబైల్ నెట్‌వర్క్ మందగిస్తుంది కనుక దాని మీద ఆధారపడటం లేదు. కరెంటు పోయినా పని ఆగకుండా రౌటర్‌కు యూపీఎస్ ఉండాలి. ప్రతి కౌంటర్‌లో ఫోన్ నంబరు చివరి నాలుగు అంకెల క్రమంలో ముద్రించిన జాబితా, రెండు పెన్నులు ఉంచాలి. యంత్రం మొరాయిస్తే అందులో టిక్కు పెట్టి పంపేసి, తర్వాత ఎక్కించాలి. 22వ తేదీ మధ్యాహ్నం మూడింటికి వాలంటీర్లందరూ 40 బ్యాడ్జీలతో అభ్యాసం చేస్తారు. అందులో పది నిమిషాలు రౌటర్ ఆపివేసి కాగితం జాబితాతోనే పని నడిపిస్తారు.

రెండో రోజు కొత్త బ్యాడ్జి ఇవ్వడం ఉండదు. లోపలికి వచ్చేటప్పుడు మెడలోని బ్యాడ్జినే స్కాన్ చేస్తాం. భోజనశాల దగ్గర మాత్రం స్కానింగ్ పెట్టడం లేదు, బ్యాడ్జి కనిపిస్తే చాలు.

హాజరు ధ్రువపత్రాలు రెండు రోజుల స్కాన్ వివరాల ఆధారంగా తయారవుతాయి. ఫోన్ నంబర్లను ఈ సదస్సు సమాచారానికి తప్ప మరి దేనికీ వాడబోమని నమోదు పత్రంలో మాట ఇచ్చాం. ధ్రువపత్రాలు పంపిన 30 రోజుల్లో నంబర్లున్న జాబితాలను అన్ని ల్యాప్‌టాప్‌ల నుంచి తొలగించి, కాగితం ప్రతులను చింపివేసి, ఆ మేరకు కమిటీ కార్యదర్శికి రాతపూర్వకంగా తెలపాలి.