సమాచార హక్కు చట్టం, 2005 సెక్షన్ 19(1) కింద మొదటి అప్పీలు

తేదీ: 28-07-2025

కార్యనిర్వాహక ఇంజనీరు మరియు మొదటి అప్పీలు అధికారి గారికి,
పంచాయతీరాజ్ ఇంజనీరింగ్ విభాగం, డివిజన్ కార్యాలయం.

అప్పీలుదారు: కె. సత్యనారాయణ, రైతు, 5వ వార్డు, రామాలయం వీధి.

విషయం: మా వీధి సిమెంటు రోడ్డు పనిపై సమాచారం కోరుతూ చేసిన దరఖాస్తుకు, సబ్ డివిజన్ కార్యాలయ పౌర సమాచార అధికారి గడువులోగా జవాబు ఇవ్వకపోవడం.

అయ్యా,

రామాలయం నుంచి ప్రాథమిక పాఠశాల వరకు గత మార్చిలో వేసిన 120 మీటర్ల సిమెంటు రోడ్డుకు సంబంధించి అంచనా పత్రం, సాంకేతిక మంజూరు ఉత్తర్వు, కొలతల పుస్తకం పుటలు, నాణ్యతా పరీక్షల నివేదికలు, చెల్లించిన బిల్లులు, గుత్తేదారుతో చేసుకున్న ఒప్పందం నకళ్లు ఇవ్వాలని, సెక్షన్ 2(జె) ప్రకారం పనిని స్వయంగా తనిఖీ చేసే అవకాశం కూడా కల్పించాలని కోరుతూ 09-06-2025న సెక్షన్ 6(1) కింద దరఖాస్తు చేశాను. 10 రూపాయల కోర్టు ఫీజు స్టాంపు అంటించి రిజిస్టరు పోస్టులో పంపిన ఆ దరఖాస్తు 11-06-2025న అందినట్లు కార్యాలయం గుండ్రటి ముద్రతో రసీదు కార్డు నాకు తిరిగి వచ్చింది.

సెక్షన్ 7(1) నిర్దేశించిన 30 రోజుల గడువు 11-07-2025తో ముగిసింది. ఈ వ్యవధిలో సమాచారం గానీ, నకళ్ల రుసుము కట్టమన్న లేఖ గానీ, సెక్షన్ 8 లేదా 9 కింద నిరాకరణ గానీ, సెక్షన్ 6(3) కింద మరో కార్యాలయానికి బదిలీ చేసినట్లు కబురు గానీ రాలేదు. 14వ తేదీన నేనే కార్యాలయానికి వెళ్లగా, ఇన్‌వర్డ్ రిజిస్టరులో నా దరఖాస్తు నమోదై ఉన్నట్లు గుమాస్తా చూపించి, ఫైలు సారు దగ్గర ఉందని మాత్రమే చెప్పారు. సెక్షన్ 7(2) ప్రకారం ఈ మౌనం నిరాకరణతో సమానం కనుక, గడువు తీరిన 30 రోజుల్లోపే ఈ అప్పీలు దాఖలు చేస్తున్నాను.

మొదటి వానలకే పాఠశాల గేటు ఎదుట రోడ్డు అడ్డంగా చీలి, అంచు విరిగి కంకర పైకి తేలింది. చిన్నపిల్లలు ఆ రాళ్ల మీదుగానే రోజూ బడికి వెళ్తున్నారు. ఒప్పందంలోని లోపాల బాధ్యతా కాలం ముగియకముందే గుత్తేదారుతో మరమ్మతు చేయించమని గ్రామసభలో అడగాలంటే ఈ కాగితాలు మా చేతిలో ఉండాలి. ప్రజాధనంతో జరిగిన పని కొలతలను దాచవలసిన కారణం నాకు కనిపించడం లేదు. ఉన్నదని పౌర సమాచార అధికారి భావిస్తే, దానిని నిరూపించే భారం సెక్షన్ 19(5) ప్రకారం వారిదే.

కావున, కోరిన నకళ్లన్నింటినీ సెక్షన్ 7(6) ప్రకారం ఉచితంగా 7 రోజుల్లో ఇవ్వాలని, పని తనిఖీకి తేదీ, సమయం ముందుగా తెలియజేయాలని పౌర సమాచార అధికారిని ఆదేశించ ప్రార్థన. జరిమానా విధించే అధికారం సెక్షన్ 20 కింద సమాచార కమిషన్‌దని నాకు తెలుసు. తమరి వద్ద నేను కోరేది ఆ కాగితాలే. సెక్షన్ 19(6) ప్రకారం 30 రోజుల్లోగా ఈ అప్పీలును పరిష్కరించి, విచారణ జరిపితే నా వాదన వినిపించే అవకాశం ఇచ్చి, కారణాలతో కూడిన లిఖితపూర్వక ఉత్తర్వు పంపవలసిందిగా కోరుతున్నాను.

జతపరచినవి: దరఖాస్తు నకలు, పోస్టు రసీదు, అందినట్లు తెలిపే కార్డు నకలు.

ఇట్లు,
తమ విధేయుడు,
(సం.) కె. సత్యనారాయణ