బస్సులో చదువుకోవడానికి నా మాటగా ఒక్క పుస్తకం

తమ్ముడూ, నువ్వు అడిగింది ఒక్కటే కాబట్టి నేనూ ఒక్కటే చెబుతాను. రాచకొండ విశ్వనాథశాస్త్రి, అదే రావిశాస్త్రి గారి నవల ‘అల్పజీవి’.

ఎందుకంటే, ఆఫీసులో నోటిదాకా వచ్చిన మాట మింగేసి ఇంటికొచ్చాక రాత్రంతా దాన్నే తలచుకుంటున్నానని రాశావు చూడు, అలాంటి మనిషి బుర్రలో ఏం జరుగుతుందో ఇంత దగ్గరగా చూపించిన తెలుగు నవల నేను ఇంకోటి చదవలేదు.

నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. గాజువాకలో ఎక్కి శ్రీహరిపురం, మల్కాపురం, సింధియా మీదుగా పాత పోస్టాఫీసు దాకా రోజూ ప్రయాణం. ఇంటర్ తర్వాత తెలుగు పుస్తకం ముట్టలేదు. లావు పుస్తకం వద్దు, నీతులు అసలే వద్దు. ఈ మూడింటికీ సరిపోయే పుస్తకాలు చాలానే ఉన్నాయి. కానీ చివర్లో, మేనేజర్ పిలిస్తే చాలు చేతులు చల్లబడతాయని ఒక్క ముక్క రాశావు. దానితో నాకు వేరే పేరేదీ తోచలేదు.

ఇందులో సుబ్బయ్య అని ఒక ఆఫీసు ఉద్యోగి ఉంటాడు. అందరూ తనకంటే పెద్దవాళ్ళే అనుకుంటాడు. ఆఫీసన్నా భయమే, ఇల్లన్నా భయమే. గవరయ్య అనే కాంట్రాక్టరంటే సరేసరి, హడల్. కథ ఇంతకుమించి చెప్పను. రావిశాస్త్రి గారు ఆ భయాన్ని బయట నిలబడి వర్ణించలేదు. సుబ్బయ్య తలలోకి వెళ్ళి కూర్చుని అక్కణ్నుంచి రాశారు. అతనికి ఎదుటివాడి మాట సగమే వినబడుతుంది, మిగతా సగం తన ఊహే. జరిగినదాని మీద జరగబోయేది వచ్చి పడుతుంది. చైతన్య స్రవంతి అంటారు దీన్ని, తెలుగులో ఆ పద్ధతికి దారి వేసిన నవలల్లో ఇదొకటి. 1950లలోది. ఆ పేరు విని టెన్షన్ పడకు. మొదటి పదిహేను పేజీల్లో ఏది జరుగుతోందో, ఏది అతను అనుకుంటున్నాడో తేల్చుకోవడానికి ఆగొద్దు. చదువుతూ పో, చెవికి అదే అలవాటవుతుంది.

నాకు ఈ పుస్తకం ఇరవై ఆరేళ్ళ వయసులో దొరికింది. అప్పుడు నేను ఒక గోడౌన్‌లో లెక్కలు రాసేవాణ్ని. ఓ నెల స్టాకు రిజిస్టరులో మా పైఅధికారి వేసిన మొత్తం తప్పు. నూట పద్దెనిమిది బస్తాలు ఉండాల్సిన చోట నూట ఎనభై ఒకటి వేశాడు. నాకు కనబడింది. ఆ అంకె మీద బొటనవేలు పెట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. చెమటకి సిరా కొంచెం అలికింది కూడా. ఆయన తలెత్తి ‘ఏంటయ్యా?’ అన్నాడు. ‘ఏం లేదండీ’ అని వచ్చేశాను. తర్వాత ఆ తప్పు నా మీదికే వచ్చింది. ఆ వారంలోనే ఒక స్నేహితుడు ఈ నవల చేతిలో పెట్టాడు. సుబ్బయ్యని చదువుతుంటే ఆ బొటనవేలే గుర్తొచ్చింది. నాలాంటి వాడి గురించి ఒకాయన ఇంత శ్రద్ధగా, ఎక్కడా చిన్నచూపు లేకుండా రాశాడే అని ఒళ్ళు జలదరించింది. ధైర్యం వచ్చిందని చెప్పను. నా భయాన్ని కాస్త పక్కనపెట్టి చూడటం వచ్చింది.

ఇంకో సంగతి. రావిశాస్త్రి గారు మన ఊరివాడే అనాలి. పుట్టింది శ్రీకాకుళంలో అయినా విశాఖలోనే వకీలుగా పనిచేశారు. కోర్టు చుట్టూ తిరిగే పేదవాళ్ళ మాట రోజూ విన్న మనిషి. బీచ్ రోడ్డులో ఆయన విగ్రహం ఉంది. ఆ పక్కనుంచి చాలాసార్లు వెళ్ళే ఉంటావు.

పుస్తకం కోసం ముందు ద్వారకానగర్‌లో పౌర గ్రంథాలయంలో అడుగు. ఆయన రచనలన్నీ కలిపి ‘రాచకొండ రచనా సాగరం’ అని ఒక పెద్ద సంపుటం ఉంది, అది ఇస్తే మాత్రం తీసుకోకు. నిలబడి ప్రయాణం చేసేవాడు ఒక చేత్తో మోసే బరువు కాదది. నవల విడిగా అచ్చయిన ప్రతి కావాలని చెప్పు. అక్కడ లేకపోతే నా ప్రతి ఉంది. అట్ట ఊడింది గానీ పేజీలన్నీ ఉన్నాయి. ఆదివారం పొద్దున్న జగదాంబ వైపు వస్తే ఇస్తాను, తిరిగివ్వడానికి తొందరేం లేదు.

పొద్దున్న వెళ్ళేటప్పుడు కాకుండా సాయంత్రం ఇంటికొచ్చే బస్సులో మొదలుపెట్టు. గవరయ్య వచ్చే పేజీల దగ్గర మాత్రం కండక్టరుకి ముందే చెప్పి ఉంచు, గాజువాక వచ్చాక పిలవమని.