మార్చిన ఫోటోలను పసిగట్టడం: 9వ తరగతికి రెండు పీరియడ్ల పాఠ్య ప్రణాళిక

తరగతి: 9, తెలుగు మాధ్యమం
బడి: తిరుపతి రూరల్ మండలంలోని జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల
పిల్లలు: 42 మంది, ఏడుగురు చొప్పున 6 జట్లు
సమయం: 45 నిమిషాల పీరియడ్లు రెండు, వరుసగా రెండు రోజులు
చెప్పేవారు: సాంఘిక శాస్త్రం ఉపాధ్యాయులు. రెండో రోజు కంప్యూటర్ గది చూసేవారు తోడుంటే మేలు.

పాఠం ఆయువుపట్టు

మార్చిన ఫోటో అనగానే పిల్లలు బొమ్మను పెద్దది చేసి అంచులు వెతకడం మొదలుపెడతారు. అది చివర చేయాల్సిన పని. జనాన్ని ఎక్కువగా మోసం చేసేవి అసలు మార్చని ఫోటోలే: పాత ఫోటోకు కొత్త తేదీ, ఇంకో ఊరి ఫోటోకు మన ఊరి పేరు. 2021 నవంబరు వానలకు కపిలతీర్థం జలపాతం ఉప్పొంగింది, ఘాట్ రోడ్డు దెబ్బతింది, రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని కింది ఊళ్లను ఖాళీ చేయించారు. ఆనాడు అక్కడ తీసిన ఫోటోలు నిజమైనవే. వాటిలో ఒకదాన్ని ఈ రోజు వానకు ‘నిన్న రాత్రి’ అని పంపితే అది అబద్ధం. ఫోటోలో ఒక్క చుక్క కూడా మారకపోయినా సరే. అందుకే ఈ పాఠంలో వరుస ఇది: మొదట ఫోటో కింది మాట, తర్వాత అది వచ్చిన చోటు, ఆ తర్వాతే బొమ్మ.

ఇంకో జాగ్రత్త. అన్నీ నకిలీ ఫోటోలే చూపిస్తే పిల్లలు ప్రతిదాన్నీ అబద్ధమనడం నేర్చుకుంటారు. నిజాన్ని కొట్టిపారేయడమూ తప్పే. అందుకని ఆరు ఫోటోల్లో రెండు పూర్తిగా నిజమైనవి ఉండి తీరాలి.

ముందే సిద్ధం చేసుకోవాల్సినవి

ఆరు ఫోటోలు, ఒక్కొక్కటి ఏ4 సైజులో కలర్ ప్రింట్. నలుపు తెలుపు జిరాక్స్ పనికిరాదు, నీడల అంచులు అందులో కలిసిపోతాయి. వాట్సాప్‌లో వచ్చిన కాపీ నుంచి ప్రింట్ తీయకండి. పంపిన ప్రతిసారీ ఫోటో కుదించుకుపోయి, మార్పు లేని చోట కూడా చదరపు మచ్చలు వస్తాయి. పిల్లలు వాటినే మార్పుకు గుర్తులనుకుంటారు.

1. సైకిళ్లు. బడి స్టాండులో ఎండలో ఉన్న ఐదు సైకిళ్ల ఫోటో. స్నాప్‌సీడ్ యాప్‌లో Healing పనిముట్టుతో ఒక సైకిల్‌ను చెరిపేసి, దాని నీడను మాత్రం వదిలేయండి.
2. చెప్పులు. కంప్యూటర్ గది బయట వరుసగా విడిచిన చెప్పులు. గింప్‌లో Clone పనిముట్టు తీసుకుని, Ctrl నొక్కి ఒక జతపై క్లిక్ చేసి, ఖాళీ నేల మీద దాన్నే మూడు నాలుగు చోట్ల అద్దండి. కింది మాట: ‘సెలవు రోజైనా వంద మంది వచ్చారు’.
3. సీసా. లెన్స్‌కు జానెడు దూరంలో నీళ్ల సీసా, వెనుక దూరంగా వేపచెట్టు. సీసా చెట్టంత ఎత్తుగా కనిపిస్తుంది. ఏమీ మార్చలేదు. కింది మాట: ‘సీసాను దగ్గర పెట్టి తీసిన ఫోటో’.
4. కపిలతీర్థం. 2021 నవంబరులో వార్తల్లో వచ్చిన వరద ఫోటో. కింది మాట: ‘నిన్న రాత్రి కపిలతీర్థం’.
5. చంద్రగిరి కోటలోని రాజమహల్. ఎవరైనా ఉపాధ్యాయులు తీసినది, తేదీతో సహా సరైన మాటే కింద ఉంటుంది.
6. మేడ మీద ఆవు. బడి మేడ ఫోటోలో వేరే ఫోటో నుంచి కత్తిరించిన ఆవు. మేడ మీద ఎండ ఎడమ నుంచి, ఆవు మీద కుడి నుంచి పడేలా ఎంచుకోండి.

ఆరో ఫోటోకు చిరుతను వాడాలనిపిస్తుంది. వద్దు. అలిపిరి నడకదారి మీద భయం ఉన్న ఊరిలో ఆ బొమ్మ బయటికి పొక్కితే సాయంత్రానికి ఇళ్లలో ఆందోళన మొదలవుతుంది. ఏది మార్చినదో పిల్లలకు ముందే తెలిసిపోకుండా, ఆరు ఫోటోల మీదా ‘పాఠం కోసం మాత్రమే’ అని వెనుక కాదు, ముందు వైపునే అడ్డంగా రాయండి. పిల్లల ముఖాలున్న ఏ ఫోటోనూ మార్చకండి, మార్చనివ్వకండి.

ఇవి కాక: ప్రతి ఫోటో మీద కప్పడానికి పారదర్శక ప్లాస్టిక్ షీటు, మార్కర్ పెన్నులు ఆరు, అడుగు స్కేళ్లు ఆరు, చార్టులు ఆరు, జట్టుకు ఒక నమోదు పత్రం.

మొదటి పీరియడ్

*మొదటి 8 నిమిషాలు.* ఐఎఫ్‌పీ తెర మీద ఖాళీ బిందెల వరుస చూపండి. కింద ‘మన బడిలో నీళ్లు లేవు’ అని ఉంటుంది. ‘పిల్లలూ, ఇది మీ ఇంటి గ్రూపులోకి వస్తే ఏం చేస్తారు?’ అని అడిగి, వచ్చిన జవాబులు నల్లబల్ల మీద రాయండి. ఇప్పుడు పూర్తి ఫోటో చూపండి: కత్తిరించిన కుడి పక్కన కుళాయి ధారగా పోస్తోంది, బిందెలు వంతు కోసం పెట్టినవి. కత్తిరించడమూ మార్పే అన్న సంగతి పిల్లల నోటి నుంచే రానివ్వండి.

*తర్వాతి 5 నిమిషాలు.* ఈ నాలుగు ప్రశ్నలు నల్లబల్ల మీద, ఇదే వరుసలో:

ఫోటో కింది మాట ఏం చెబుతోంది? అందులో ఎంత భాగం ఫోటోలో నిజంగా కనిపిస్తోంది?
మొదట పెట్టింది ఎవరు? ఎప్పుడు, ఎక్కడ తీశారు?
ఫోటోలో ఏదైనా పొసగడం లేదా?
తేల్చడానికి ఇంకా ఏం కావాలి?

*ఆ తర్వాత 27 నిమిషాలు.* ఆరు బల్లల మీద ఆరు ఫోటోలు. జట్టు ఒక్కో బల్ల దగ్గర 4 నిమిషాలు ఉండి, అర నిమిషంలో పక్కకు జరగాలి. నమోదు పత్రంలో ప్రతి ఫోటోకూ నాలుగింట్లో ఒక తీర్పు: మార్చినది, మార్చలేదు గానీ మాట అబద్ధం, నిజం, ఇప్పుడే తేల్చలేం. తీర్పు పక్కన కారణం రాయకపోతే ఆ తీర్పు లెక్కలోకి రాదు.

4, 5 ఫోటోల దగ్గర ‘తేల్చలేం’ అన్న జట్టే సరిగ్గా ఆలోచించినట్టు. ఒట్టి కాగితం చూసి తేదీ చెప్పడం ఎవరికీ సాధ్యం కాదు. చివరి 5 నిమిషాల్లో పత్రాలు తీసుకోండి, జవాబులు మాత్రం చెప్పకండి. ఆ రాత్రి పిల్లలు వాదించుకోవాలి.

రెండో పీరియడ్

*నీడల పరీక్ష, 15 నిమిషాలు.* ఇది సైకిళ్లు, ఆవు ఫోటోలకు. ప్లాస్టిక్ షీటు కప్పి, నీడలో స్పష్టమైన ఒక మొన నుంచి ఆ నీడను వేసిన వస్తువులోని అదే మొనకు స్కేలుతో గీత గీయాలి, ఉదాహరణకు హ్యాండిల్ నీడ కొస నుంచి హ్యాండిల్ కొసకు. ఇలా కనీసం మూడు గీతలు. ఎండలో తీసిన ఫోటో అయితే అన్నీ ఒకే బిందువు దగ్గర కలవాలి, ఎందుకంటే ఆ బిందువే ఫోటోలో సూర్యుడి చోటు. సూర్యుడు కెమెరా వెనుక ఉంటే గీతలు పైన కాక కింది వైపు కలుస్తాయి. సూర్యుడు పక్కన ఉంటే గీతలు దాదాపు సమాంతరంగా పోయి కాగితం దాటాక ఎక్కడో కలుస్తాయి. అందుకే ప్రింటును చార్టు మధ్యలో అంటించి గీయించండి.

పిల్లలు సాధారణంగా చేసే తప్పు నేల మీద నీడ వాలిన దిశను మాత్రమే పోల్చడం. నేల ఎగుడుదిగుడుగా ఉంటే నిజమైన నీడలు కూడా వేర్వేరు దిక్కుల్లో వంగుతాయి. మొన నుంచి మొనకు గీస్తే ఆ చిక్కు ఉండదు. ట్యూబ్‌లైట్ల కింద తీసిన ఫోటోలకు ఈ పరీక్ష వద్దు, వెలుగులు చాలా ఉంటాయి.

కోనేటి నీటిలో ప్రతిబింబానికీ ఒక సులువైన పరీక్ష ఉంది. కెమెరా వంచకుండా తీస్తే, నిలకడ నీటిలో గోపురం కొస ప్రతిబింబం గోపురం కొసకు సరిగ్గా నిట్టనిలువుగా కింద ఉండాలి.

చెప్పుల ఫోటోలో అతికింపును పట్టుకోవడానికి ఒకేలాంటి చిన్న గుర్తు రెండు చోట్ల ఉందేమో వెతకాలి: తెగిన పట్టీ, అదే మడత, అదే మట్టి మరక. 2008 జూలైలో ఇరాన్ క్షిపణుల ప్రయోగ ఫోటో ప్రపంచ పత్రికల్లో నాలుగు క్షిపణులతో వచ్చింది. నాలుగోది అతికించినదని బయటపడింది పొగ, దుమ్ము ఆకారాలు ఒకేలా ఉండడం వల్లే. 2006 ఆగస్టులో బీరూట్ ఫోటోలో పొగను ఇలాగే అద్ది ఎక్కువ చేశారని తేలాక రాయిటర్స్ సంస్థ ఆ ఫోటోగ్రాఫర్ తీసిన 920 ఫోటోలను తన నిల్వలోంచి తీసేసింది.

*వెతుకులాట, 20 నిమిషాలు.* ఐఎఫ్‌పీ మీద నాలుగో ఫోటో ఫైలుతో, పిల్లలు చెబుతుంటే మీరు చేయండి. images.google.com తెరిచి, కెమెరా గుర్తు నొక్కి, ఫోటో ఎక్కించండి. తర్వాత అదే ఫోటోను tineye.com లో ఎక్కించి Oldest అని ఎంచుకోండి. మూడోది మాటలతో వెతకడం:

```
కపిలతీర్థం వరద before:2021-12-31
```

ఇక్కడ తడబడే చోట్లు చాలా ఉన్నాయి, ఒక్కొక్కటీ చేసి చూపండి. స్క్రీన్‌షాట్ అయితే చుట్టూ ఉన్న పేర్లు, గంట గుర్తు, రంగు పట్టీ కత్తిరించి అసలు బొమ్మనే ఎక్కించాలి. ఫలితం రాకపోతే బొమ్మను అద్దంలోలా తిప్పి మళ్లీ వెతకాలి. గూగుల్ ‘ఇలాంటివి’ కూడా చూపిస్తుంది కాబట్టి, అదే ఫోటో అనే ముందు బండ ఆకారం, రెయిలింగు, నీటి ధార అంటూ మూడు చోట్ల పోల్చాలి. దొరికిన వాటిలో పాత తేదీ ఫోటో తీసిన తేదీ కాదు, అప్పటికే అది ఉందనడానికి సాక్ష్యం మాత్రమే. ‘నిన్న రాత్రి’ అన్న మాటను కొట్టేయడానికి ఆ సాక్ష్యం చాలు. ఏమీ దొరకకపోతే ఫోటో కొత్తదని అర్థం కాదు.

ఫైలులో దాగిన తేదీ, కెమెరా వివరాల గురించి ఎవరో ఒకరు అడుగుతారు. వాట్సాప్‌లో ఫోటోగా పంపితే ఆ వివరాలు పోతాయి, డాక్యుమెంటుగా పంపితే ఉంటాయి. వాటినీ మార్చవచ్చు కాబట్టి ఒంటరి సాక్ష్యంగా తీసుకోకూడదు.

కృత్రిమ మేధ తయారుచేసిన బొమ్మలకు చేతివేళ్లు లెక్కపెట్టమని చెప్పడం మానేయండి, అవి ఇప్పుడు సరిగ్గానే వస్తున్నాయి. మన దగ్గర ఇంకా పనికొచ్చే గుర్తు వెనుక ఉన్న తెలుగు బోర్డులు. ఒత్తులు, గుడులు కలిసిపోయి అక్షరంలా కనిపించే గీతలుగా మిగలవచ్చు. అక్షరాలు బాగున్నాయని నిజమని నమ్మకూడదు. 2023 మే 22న పెంటగాన్ దగ్గర పేలుడు అంటూ తిరిగిన బొమ్మకు అమెరికా షేర్ మార్కెట్టే కాసేపు తగ్గింది. అక్కడి అగ్నిమాపక శాఖ అలాంటిదేమీ జరగలేదని చెప్పడంతో అది ఆగింది. అంటే బొమ్మలో తప్పు వెతకడం కన్నా ఆ చోట ఉన్నవారు ఏం చెబుతున్నారో చూడడమే త్వరగా తేల్చింది.

*చివరి 10 నిమిషాలు, మూల్యాంకనం.* కొత్త ఫోటో ఒకటి, ఎవరికి వారు రాయాలి, 10 మార్కులు. చూపిన కారణాలకు 5, తర్వాత ఏం వెతుకుతారో చెప్పినందుకు 3, తీర్పుకు 2. ఊహించి సరైన తీర్పు రాసిన వారికన్నా, మంచి కారణాలతో ‘తేల్చలేం’ అన్నవారికి ఎక్కువ మార్కులు రావాలి.

ఉపాధ్యాయులకు మాత్రమే

పాఠం తర్వాత ఏ అమ్మాయైనా విడిగా వచ్చి తన ఫోటోను ఎవరో మార్చి తిప్పుతున్నారని చెప్పవచ్చు. ఆ ఫోటో చూపించమని అడగకండి, మీ ఫోన్‌లోకి పంపించుకోకండి. తప్పు ఆమెది కాదని ముందు చెప్పండి. ఖాతా పేరు, లింకు, తేదీ రాసి పెట్టించి, ప్రధానోపాధ్యాయులకు, ఆమె నమ్మే పెద్దలకు అదే రోజు తెలపండి. ఫిర్యాదు cybercrime.gov.in లో చేయవచ్చు. పిల్లల సహాయానికి 1098.

పార్టీల, కులాల, మతాల ఫోటోలు ఈ రెండు పీరియడ్లలో వద్దు. పరీక్షించే పద్ధతి అలవాటు కాకముందే అవి వస్తే, పిల్లలు ఫోటోను వదిలి పక్షం తీసుకుంటారు.

ఇంటిపని

ఇంట్లో వాట్సాప్‌కు వచ్చిన ఒక ఫోటోను పెద్దల అనుమతితో ఎంచుకుని నాలుగు ప్రశ్నలకు జవాబు రాయాలి. ముఖాలున్నవి వద్దు. అబద్ధమని తేలితే గ్రూపులో అందరి ముందూ కాదు, పంపినవారికి మాత్రమే విడిగా రాయాలి: ‘పెదనాన్నా, మీరు పంపిన వరద ఫోటో 2021 నవంబరుది. అప్పటి వార్త లింకు ఇదిగో. గ్రూపులో తీసేస్తారా?’ తేల్చలేకపోతే ఎక్కడ ఆగిపోయారో రాసి తేవాలి. వచ్చే సోమవారం పీరియడ్‌లో మొదట వాటినే తీసుకుంటాం.