రాత్రి బిల్లుల అప్రూవల్ జాబ్: ఏం చేసింది, ఏం చెయ్యలేదు

ఎవరికి: ఆపరేషన్స్ మేనేజర్ గారికి
ఎవరి నుంచి: సిస్టమ్స్ విభాగం, విశాఖపట్నం హెడ్డాఫీసు
తేదీ: 28 నవంబరు 2025, శుక్రవారం, ఉదయం 9:40
కాపీ: అకౌంట్స్, ఆటోనగర్ గోడౌన్ ఇన్‌ఛార్జ్

నమస్కారం సార్. పొద్దున 6 గంటలకు మీకొచ్చిన మెయిల్లో "Completed. Approved: 289, Held: 73" అని ఉంది. డాష్‌బోర్డు తెరిస్తే మాత్రం PENDING కింద 141 బిల్లులు కనిపిస్తున్నాయి. రెండు లెక్కలూ నిజమే. మధ్యలో తేడా 68. అందులో 18 గురించి కంగారు అక్కర్లేదు, మిగతా 50 గురించే ఈ మెమో. చివర్లో మీ నిర్ణయం ఒకటి కావాలి, మధ్యాహ్నం 12 లోపు చెబితే చాలు.

ఈ జాబ్ పని ఏమిటంటే

రాత్రి 10 గంటల లోపు సిస్టంలో ఎక్కిన సప్లయర్ బిల్లులన్నీ జాబితాగా తీసుకుని, ఒక్కోదాన్నీ పీవోతోనూ, గోడౌన్‌లో సరుకు ముట్టినట్టు వేసే జీఆర్ఎన్‌తోనూ పోల్చి చూస్తుంది. పరిమాణం, ధర కలవాలి. మొత్తం 50,000 రూపాయలు దాటకూడదు. జీఎస్టీ నంబరు సరిగా ఉండాలి. సప్లయర్ బ్యాంకు ఖాతా గత 7 రోజుల్లో మారి ఉండకూడదు. అన్నీ కుదిరితే APPROVED అని ముద్ర వేస్తుంది, ఏ ఒక్కటి తేడా వచ్చినా కారణం రాసి ఆపుతుంది. అంతవరకే దాని పని.

డబ్బు పంపడం దాని చేతిలో లేదు. APPROVED అంటే "చెల్లించడానికి అడ్డం లేదు" అని మాత్రమే. పేమెంట్ ఫైలు అకౌంట్స్ వాళ్లు ఉదయం 11:30కి ఒకటి, సాయంత్రం 4 గంటలకు ఒకటి తయారుచేస్తారు. ఇద్దరు సంతకందార్లు ఓటీపీ కొడితేనే అది బ్యాంకుకు వెళ్తుంది. కాబట్టి ఇది రాసే సమయానికి రాత్రి అప్రూవ్ అయిన వాటిలో ఒక్క రూపాయి కూడా బయటికి పోలేదు. ఏ సప్లయరైనా ఫోన్ చేసి "అప్రూవ్ అయిందట కదా, డబ్బులేవి" అంటే ఇదే చెప్పవచ్చు.

ఇంకొకటి. 289 బిల్లుల మొత్తం 38,46,210 రూపాయలు. బ్యాంకు నుంచి కట్ అయ్యే మొత్తం దీనితో కలవదు, కలవకూడదు కూడా. టీడీఎస్ పేమెంట్ దశలో కోస్తారు: రిపేరు కాంట్రాక్టుల్లాంటి వాటికి పరిమితి దాటితే వ్యక్తులకు 1 శాతం, కంపెనీలకు 2 శాతం. జాబ్ చూసేది కోత పడక ముందు బిల్లు మొత్తాన్నే.

రాత్రి జరిగింది

జాబితాలోకి వచ్చినవి 412. వాటిని జాబ్ 50 చొప్పున కట్టలుగా విడగొట్టుకుంటుంది. అంటే ఎనిమిది నిండు కట్టలు, చివర 12 బిల్లుల చిన్న కట్ట. 1:15కి మొదలై ఆరు కట్టలు సాఫీగా నడిచాయి. ఏడో కట్ట దగ్గర చిక్కుపడింది.

ఆటోనగర్ గోడౌన్ స్టాక్ పోస్టింగ్ రోజూ 11:30కి మొదలై 12:15 కల్లా అయిపోతుంది. నిన్న నెలాఖరు స్టాక్ లెక్కింపు సాగి సాగి 1:52కి గానీ మొదలుకాలేదు. పోస్టింగ్ జరుగుతున్నంత సేపు జీఆర్ఎన్ పట్టిక తాళంలో ఉంటుంది. సగం రాసిన లెక్కను ఇంకొకరు చదవకూడదు గనక అలా పెట్టారు, అందులో తప్పేమీ లేదు. ఏడో కట్ట సరిగ్గా ఆ తాళం ముందుకొచ్చి నిలబడింది. ఒక నిమిషం ఆగింది. తర్వాత ఐదేసి నిమిషాలు విడిచి మూడుసార్లు మళ్లీ ప్రయత్నించింది. అప్పటికీ దొరక్క ఆ కట్టను వదిలేసి ఎనిమిదో దానికి వెళ్లింది. లాగ్‌లో ఉన్నది ఇదీ:

```
02:10:52 WARN  batch 7/9 skipped: lock timeout on GRN_HEADER (retry 3/3)
02:24:17 INFO  job finished, exit code 0
```

పోస్టింగ్ 2:14కి ముగిసింది. మరో నాలుగు నిమిషాలు ఓపిక పట్టి ఉంటే ఏడో కట్ట కూడా నడిచేది. ఎనిమిది, తొమ్మిది కట్టలు ఆ తర్వాత ఇబ్బంది లేకుండా అయిపోయాయి.

రెండో లైన్లోని exit code 0 వల్లే మీకు "Completed" అని మెయిల్ వచ్చింది. ప్రోగ్రాం మధ్యలో కూలిపోకుండా చివరిదాకా నడిచిందనే దాని అర్థం. అప్పగించిన పనంతా అయిందని కాదు. కట్ట వదిలెయ్యడాన్ని జాబ్ హెచ్చరికగా రాసుకుంటుంది, తప్పుగా లెక్కించదు. ఆ హెచ్చరిక మెయిల్లోకి రాదు.

కాబట్టి 141 ఇలా విడిపోతుంది. 73 బిల్లులు జాబ్ చూసి ఆపినవి. 50 అసలు చూడనివి, మొత్తం 7,12,450 రూపాయలు. మిగిలిన 18 రాత్రి 10 దాటాక అనకాపల్లి, మధురవాడ బ్రాంచీల్లో ఎక్కించినవి, వాటి వంతు ఈ రాత్రికి. మూడు రకాలనూ డాష్‌బోర్డు ఒకే PENDING కింద చూపిస్తుంది. దీన్ని ఎప్పుడో విడగొట్టాల్సింది. బిల్లు తెరిచి "Hold reason" గడి చూడండి. కారణం ఉంటే ఆపినది, ఖాళీగా ఉంటే చూడనిది. ఆ 50 మందికి "మీ బిల్లులో ఏదో తేడా ఉంది" అని బ్రాంచీల నుంచి ఎవరూ ఫోన్ చెయ్యకుండా చూడాలి. ఆ బిల్లుల్లో తేడా ఉందో లేదో ఇంకా ఎవరికీ తెలియదు.

ఆపిన 73

ఇందులో 41 బిల్లులకు జీఆర్ఎన్ లేదని రాసింది. చూడగానే గోడౌన్ వాళ్లు ఎంట్రీలు వెయ్యలేదనిపిస్తుంది. కానీ మొదటి ఆరు కట్టలూ పోస్టింగ్ మొదలవ్వక ముందే నడిచాయి. జాబ్ వెతికినప్పటికి ఆ ఎంట్రీలు పట్టికలోకి రాలేదంతే. ఈ ఉదయం సరిచూస్తే 41లో 27కి జీఆర్ఎన్ ఉంది. నిజంగా లేనివి 14, ఆ జాబితా మాత్రమే గోడౌన్ ఇన్‌ఛార్జ్ గారికి పంపాం. దయచేసి 41 అంకె పట్టుకుని వాళ్లను అడగవద్దు.

మరో 14 బిల్లులు 50,000 దాటినవి, మీ ఇన్‌బాక్స్‌లో ఉన్నాయి. ఇది మామూలే. 11 బిల్లుల్లో పరిమాణమో ధరో పీవోతో కలవలేదు, కొనుగోళ్ల విభాగం చూస్తోంది.

రెండింటిలో జీఎస్టీ నంబరు తేడా. ఒకదానిలో 15 అక్షరాలకు బదులు 14 ఉన్నాయి. ఇంకోదానిలో సున్నా ఉండాల్సిన చోట ఇంగ్లీషు O కొట్టారు. స్క్రీను మీద రెండూ ఒకేలా ఉంటాయి గనక కంటికి దొరకదు. మొదటి రెండూ రాష్ట్రం కోడ్, మనకు 37. తర్వాతి పది సప్లయర్ పాన్. పాన్‌లో మొదటి ఐదు అక్షరాలు, తర్వాత నాలుగు అంకెలు, చివర ఒక అక్షరం. ఈ వరుస గుర్తుంటే O ఎక్కడ తప్పుగా పడిందో వెంటనే తెలిసిపోతుంది.

మిగిలిన ఐదూ బ్యాంకు ఖాతా ఈమధ్యే మారినవి. వీటిని ఎంత తొందర ఉన్నా, ఎవరు చెప్పినా వెంటనే వదలకూడదని మా అభిప్రాయం. "మా అకౌంటు మారింది, ఇకపై ఇందులో వెయ్యండి" అని సప్లయర్ పేరుతో దొంగ మెయిళ్లు పంపడం బాగా నడుస్తున్న మోసం. ఆ మెయిల్లో ఇచ్చిన నంబరుకు ఫోన్ చేస్తే అవతల ఎత్తేది ఆ మోసగాడే. మన పాత ఫైల్లో ఉన్న నంబరుకు చేసి, యజమానితో మాట్లాడి, క్యాన్సిల్డ్ చెక్కు తెప్పించుకున్నాకే హోల్డ్ తియ్యాలి.

అప్రూవ్ అయిన వాటిలో ఒక జంట

జనరేటర్ అద్దెకిచ్చే సప్లయర్ ఒకరివి రెండు బిల్లులు, రెండూ 18,400 రూపాయలే, రెండూ APPROVED. ఒకటి GS/114, ఇంకొకటి GS-114. ఒకే బిల్లును రెండు బ్రాంచీల్లో ఎక్కించినట్టుంది. ఒకే సప్లయర్, ఒకే నంబరు అయితే జాబ్ రెండోదాన్ని ఆపుతుంది. కానీ నంబరును అక్షరం అక్షరంగా పోలుస్తుంది కాబట్టి అడ్డగీత, ఏటవాలు గీత దాని లెక్కలో వేర్వేరు. జీఆర్ఎన్ దగ్గర కూడా దొరకలేదు: అద్దె పీవోలకు సరుకు రసీదు ఉండదు గనక జాబ్ ఆ పరీక్ష వదిలేస్తుంది. రెండింటినీ 11:30 ఫైల్లో పెట్టవద్దని అకౌంట్స్‌కు చెప్పాం. కాగితం బిల్లు చూసి ఒకటి రద్దు చేశాక మిగిలినది 4 గంటల ఫైల్లో వెళ్తుంది.

ఇలాంటివి ఇంకేమైనా ఉన్నాయేమోనని గీతలు, ఖాళీలు తీసేసి 289 బిల్లులనూ ఒకదానితో ఒకటి పోల్చాం. వేరే జంట లేదు. గత నెలల బిల్లులతో ఇంకా పోల్చలేదు, అది సాయంత్రానికి అవుతుంది.

మీ నిర్ణయం కావలసింది

చూడని 50ని ఈ రాత్రి మామూలు జాబ్‌కు వదిలెయ్యవచ్చు, లేదా ఈ మధ్యాహ్నం 1 గంటకు విడిగా నడపవచ్చు. మధ్యాహ్నమే నడపాలని మా సూచన. ఆ 50లో 6 బిల్లులు ఎంఎస్ఎంఈ కింద నమోదైన చిన్న సప్లయర్లవి. ఒప్పందం ఉన్నా వాళ్లకు 45 రోజులకు మించి బాకీ పెట్టకూడదని చట్టం, దాటితే వడ్డీ కట్టాలి. ఈ ఆరింటి గడువు ఆదివారంతో, అంటే 30వ తేదీతో ముగుస్తుంది. నెఫ్ట్ ఏ రోజైనా, ఏ గంటైనా పనిచేస్తుంది నిజమే. కానీ శని, ఆదివారాల్లో మన సంతకందార్లు ఇద్దరూ దొరకరు. రాత్రికి వదిలితే ఆ డబ్బు సోమవారం గానీ వెళ్లదు.

మళ్లీ నడిపితే ఒకే బిల్లు రెండుసార్లు అప్రూవ్ అవుతుందేమోనన్న భయం అక్కర్లేదు. APPROVED అయిన బిల్లును జాబ్ మళ్లీ ముట్టుకోదు. మధ్యాహ్నం నడిపేది చూడని 50, జీఆర్ఎన్ వచ్చిన 27, కలిపి 77 మీదే. పది నిమిషాల పని. ఆ పది నిమిషాలూ గోడౌన్‌లో కొత్త రసీదులు వెయ్యకుండా ఆపమని ఇన్‌ఛార్జ్ గారికి ముందే చెబుతాం. మీరు సరేనంటే 1:30కల్లా ఫలితం మీకు పంపి, అప్రూవ్ అయినవి 4 గంటల ఫైల్లోకి ఇస్తాం.

సోమవారం నుంచి మారేవి

జాబ్ 1:15 కాగానే మొదలవ్వదు. గోడౌన్ పోస్టింగ్ అయిపోయిందన్న గుర్తు వచ్చేదాకా, గరిష్ఠంగా ఉదయం 4 వరకు ఆగుతుంది. 4 దాటినా గుర్తు రాకపోతే నడవకుండా మాకు ఎస్ఎంఎస్ పంపుతుంది. ఉదయం మెయిల్లో "చూడనివి" అని ఇంకో వరుస వస్తుంది. అది సున్నా కాకపోతే "Completed" బదులు "Incomplete" అని ఉంటుంది. బిల్లు నంబర్ల పోలికలో గీతలు, ఖాళీలు లెక్కలోకి రాకుండా చెయ్యడానికి మరో వారం పడుతుంది. గీత ఒక్కటే తేడాగా ఉండి నిజంగానే వేర్వేరు బిల్లులిచ్చే సప్లయర్లు కొందరున్నారు, ముందు వాళ్లను వేరు చెయ్యాలి. డాష్‌బోర్డులో PENDINGను మూడుగా విడగొట్టే పనికి ఇంకా తేదీ పడలేదు. అప్పటిదాకా "Hold reason" గడే చూడాలి.