బెడ్‌రూమ్ ప్లగ్ పాయింట్ కాలిపోతున్న విషయం

అంకుల్, నమస్తే. మీరూ ఆంటీ బాగున్నారని అనుకుంటున్నాను. రాత్రి ఫోన్ చేశాను, మీరు ఎత్తలేదు. పడుకుని ఉంటారని మళ్లీ చేయలేదు. విషయం కొంచెం పెద్దది కాబట్టి వివరంగా మెసేజ్ పెడుతున్నాను, ఫొటోలు కూడా కింద పంపుతున్నాను.

చిన్న బెడ్‌రూమ్‌లో మంచం పక్కన ఉన్న ప్లగ్ పాయింట్ గురించి. వానాకాలంలో మా ఫోన్ ఛార్జర్ కాలిపోయినప్పుడు మీకు చెప్పాను, గుర్తుండే ఉంటుంది. ఛార్జర్ మంచిది కాదేమో, మార్చి చూడమన్నారు. కంపెనీ ఛార్జరే కొన్నాం. తర్వాత మీరు పంపిన అబ్బాయి వచ్చి స్క్రూలు బిగించి వెళ్లాడు. కొన్నాళ్లు బాగానే ఉంది. నిన్న సాయంత్రం మా ఆయన లాప్‌టాప్ ఛార్జర్ తీయబోతే రాలేదు. గట్టిగా లాగితే ప్లగ్గు ప్లాస్టిక్ కరిగి సాకెట్‌కి తీగలు సాగింది. ఒక పిన్ను మొదట్లో నల్లగా మాడిపోయింది. గదంతా కాలిన వాసన. సాకెట్ కుడి రంధ్రం చుట్టూ తెల్ల ప్లేటు గోధుమ రంగుకు తిరిగి ఉబ్బింది, రెండో ఫొటోలో స్పష్టంగా కనిపిస్తుంది.

ఇది ఛార్జర్ తప్పు కాదు అంకుల్. లాప్‌టాప్ ఛార్జర్ 65 వాట్లది, అర ఆంపియర్ కూడా లాగదు. అదే ఛార్జర్ ఆఫీసులో, హాల్లో రోజంతా పెట్టినా వేడెక్కదు. ఇంకో సంగతి కూడా గమనించాను. హాల్లో ఇస్త్రీ చేస్తున్నంతసేపు, ఇక్కడ ఏమీ పెట్టకపోయినా ఈ ప్లేటు చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటోంది, లోపల సన్నగా చిర్రుమంటోంది.

పొద్దున కింద షాపు దగ్గరుండే ఎలక్ట్రీషియన్‌ని పిలిచి, మెయిన్ ఆపించి ప్లేటు విప్పించాను. హాల్ బోర్డుకి కరెంటు ఈ సాకెట్ టెర్మినల్ మీదుగానే వెళ్తోందట. అంటే ఫ్రిజ్, ఇస్త్రీ పెట్టె లోడంతా ఇక్కడి స్క్రూ గుండానే పోతోంది. ఇస్త్రీ పెట్టె ఒక్కటే 1000 వాట్లు, నాలుగు ఆంపియర్ల పైన. కనెక్షన్ లూజుగా ఉంటే ఆ చోటే వేడెక్కుతుంది. వేడెక్కిన కొద్దీ లోపలి రేకులు పట్టు కోల్పోయి ఇంకా లూజవుతాయి, ఇంకా కాలుతుంది. అందుకే స్క్రూలు బిగిస్తే ఆగలేదు. ఎంసీబీ ఎందుకు పడిపోలేదని అడిగాను. అది ఎక్కువ కరెంటు లాగినప్పుడు, షార్ట్ అయినప్పుడే పడుతుందట. ఇక్కడ లోడు మామూలే కాబట్టి వేడి దానికి తెలియదు. నాకు టెన్షన్ పెట్టింది ఈ మాటే. వైరు పైతోలు కూడా జానెడు మేర పెళుసుబారి వేలు తగిలితే రాలుతోంది.

ఆ గదిలో పాప పడుకుంటుంది. మంచం జరిపేశాం, ఆ లైను ఎంసీబీ ఆపేశాం. ఫ్రిజ్‌ని వంటింటి పవర్ పాయింట్‌కి మార్చాం. లైను ఆపేయడంతో హాల్లో ఫ్యాను, లైట్లు కూడా లేవు. రెండు మూడు రోజులంటే సర్దుకుంటాం గానీ అంతకు మించి కష్టం.

సాకెట్ ఒక్కటే మారిస్తే మళ్లీ ఇదే కథ. కాలిన వైరు తీసేసి, ఆ గది నుంచి హాల్ బోర్డు దాకా కొత్త వైరు లాగాలి, హాల్‌కి విడిగా లైను ఇవ్వాలి, మిగతా బోర్డుల్లో కనెక్షన్లు కూడా ఒకసారి చూడాలి అన్నాడు. పైపుల్లోంచే లాగొచ్చు, గోడ పగలగొట్టే పని ఉండదన్నాడు. ఐఎస్ఐ మార్కు వైరు, కూలీ కలిపి 3,200 చెప్పాడు. సాకెట్, ప్లేటు మేమే కొంటాం. పాడైన ఛార్జర్ల డబ్బులు కూడా అడగడం లేదు. వైరింగ్ పని మాత్రం ఇంటిది కాబట్టి మీరు చేయించాలి. మీకు నమ్మకమైన మనిషి ఉంటే పంపండి, లైసెన్సు ఉన్నవాడైతే చాలు. మీరు ఖమ్మం నుంచి రావాల్సిన పని లేదు. సరే అంటే ఇతనితోనే ఆదివారం చేయించి, బిల్లు మీకు పంపి, వచ్చే నెల అద్దెలో తగ్గించుకుంటాం. పాత సాకెట్, వైరు ముక్క పారేయకుండా దాచి ఉంచుతాను, వచ్చినప్పుడు చూడొచ్చు.

కింది పోర్షన్ వాళ్లది కూడా అప్పటి వైరింగే అనుకుంటాను. వాళ్ల బోర్డులు కూడా ఒకసారి చూపిస్తే మంచిది, కింది ఆంటీ వాళ్లతో నేను మాట్లాడతాను.

ఎలక్ట్రీషియన్‌కి రేపు సాయంత్రంలోగా చెప్పాలి, లేకపోతే వేరే పని ఒప్పుకుంటానన్నాడు. ఈ మెసేజ్ చూడగానే ఒక్కసారి ఫోన్ చేయండి అంకుల్. రాత్రి పది దాకా మేలుకునే ఉంటాం.